ఒబోనా, క్లారినెట్టా? వయోలానా, చెల్లోనా? ఒక్క సింఫనీలోనే రెండుసార్లు బోల్తా పడ్డాను

సుధీర్_వి

నెల రోజులుగా నేనూ మా చెల్లీ ఒక ఆట ఆడుతున్నాం. ఆర్కెస్ట్రా రికార్డింగ్ పెట్టుకుని, స్క్రీన్ చూడకుండా, ఏ పాట ఏ వాయిద్యం వాయిస్తోందో చెరో కాగితం మీద రాసుకోవడం. తర్వాత కాగితాలు మార్చుకోవడం, ఆ తర్వాత పోట్లాట.

నిన్న షూబర్ట్ 'అన్‌ఫినిష్డ్' సింఫనీ పెట్టాం, 1822 నాటిది. మొదట చెల్లోలు, డబుల్ బేస్‌లు లోతుగా ఏదో గొణుగుతాయి. తర్వాత వయొలిన్లు గలగలా మొదలవుతాయి. వాటి మీద ఒక సన్నటి దిగులు పాట వస్తుంది చూడండి, అక్కడ నేను ఒబో అని రాశాను. చెల్లి క్లారినెట్ అంది. పదిసార్లు వెనక్కి తిప్పి విన్నాం. నాకైతే ఒకసారి ఒబోలా, మరోసారి క్లారినెట్‌లా వినిపిస్తోంది.

కాసేపటికి హాయిగా ఊగే ఇంకో పాట వస్తుంది. దానికి నేను వయోలా అన్నాను. తను చెల్లో అంది. ఇక్కడా తేలలేదు.

విచిత్రం ఏమిటంటే, ఒక్కో వాయిద్యాన్ని విడిగా వినిపించే వీడియోల్లో నాకు పదికి పది వస్తాయి. అందరూ కలిసి వాయించగానే సున్నా. మీరంతా ఏం పట్టుకుని చెబుతారు?

గాలివాటం

ఇందులో కష్టమేముంది భయ్యా. ఒబో పైస్థాయి, క్లారినెట్ కిందిస్థాయి. వయోలా పైన, చెల్లో కింద. సన్నగా ఉంటే ఒబో, లావుగా ఉంటే క్లారినెట్. అయిపోయింది.

రమణి_కె

చాలా తేలిక సుధీర్ గారూ. క్లారినెట్ చివర గంటలా బాగా విచ్చుకుని ఉంటుంది, ఒబో చివర కొంచెమే. నోట్లో పెట్టుకునే చోట ఒబోకు పుల్లలాంటి సన్నటి రీడు కనిపిస్తుంది, క్లారినెట్‌కు ముక్కులాంటి నల్లటి ముక్క. వయోలాను భుజం మీద పెట్టుకుంటారు, చెల్లోను మోకాళ్ల మధ్య. ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు.

సుధీర్_వి

రమణి గారూ, మీరు చెప్పినదంతా నిజమే, కానీ మేం ఆడేది కళ్లు మూసుకుని :) చూస్తే నేనూ చెప్పేస్తాను.

రమణి_కె

అయ్యో, హెడ్డింగ్ మాత్రం చదివి రాసేశాను. సరే, నేనూ కూర్చుని వింటాను.

మంద్రం

ముందు మీ అన్నాచెల్లెళ్ల తగువు తీర్చేస్తాను. ఇద్దరూ గెలిచారు. ఆ పాటను షూబర్ట్ ఒబో చేత, క్లారినెట్ చేత ఒకే స్వరాల్లో కలిపి వాయించమని రాశాడు. అంటే ప్రతి స్వరంలోనూ రెండూ ఉన్నాయి. మీకు పూటకోలా వినిపించడం చెవి తప్పు కాదు. ఆ కలయిక పని చేసే తీరే అది. ఒబో అంచు ఇస్తుంది, క్లారినెట్ ఒళ్లు ఇస్తుంది. వాయించేవాళ్లలో ఎవరు ఒక పిసరు ముందుకొస్తే వాళ్లే వినిపిస్తారు.

నేను ఔత్సాహికుల ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్లుగా క్లారినెట్ వాయిస్తున్నాను. ఈ చోటు రిహార్సల్‌లో ఎప్పుడూ గొడవే. ఇద్దరి శ్రుతీ వెంట్రుకవాసి తప్పినా రెండు వాయిద్యాలూ విడివిడిగా బయటపడిపోతాయి. సరిగ్గా కుదిరితే మాత్రం పేరులేని మూడో వాయిద్యం ఒకటి పుడుతుంది. మీరు విన్నది అది.

గాలివాటం చెప్పిన మాట సగం పనికొస్తుంది, సగం ముంచుతుంది. మామూలు ఒబో దిగగలిగిన అట్టడుగు స్వరం మిడిల్ సి కన్నా కాస్త కింద ఉన్న బి ఫ్లాట్, దాదాపు 233 హెర్ట్జ్. బి ఫ్లాట్ క్లారినెట్ ఇంకా కిందికి, దాదాపు 147 హెర్ట్జ్ దాకా దిగుతుంది. కాబట్టి ఆ బి ఫ్లాట్ కంటే కిందికి పాట దిగితే అది ఒబో కాదని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. కానీ పైకి పోతే ఒబో అనలేం. క్లారినెట్ ఒబోను దాటి ఇంకా పైకి వెళ్తుంది. అంటే ఒబో తిరిగే చోటల్లా క్లారినెట్ కూడా తిరుగుతుంది. ఎత్తును బట్టి ఒబోను కొట్టేయగలరు గానీ ఖాయం చేయలేరు.

గాలివాటం

ఓహో. మరి క్లారినెట్ బోలుగా ఉంటుందంటారు కదా, ఆ గుర్తు?

మంద్రం

ఆ గుర్తు నిజమే, కానీ దానికో హద్దుంది.

క్లారినెట్ గొట్టం చాలావరకు ఒకే వెడల్పుతో సాగుతుంది, రీడు ఉన్న వైపు మూసుకున్నట్టే లెక్క. ఏ స్వరం పలికినా దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల హెర్ట్జ్ దగ్గర సన్నటి పొరలు కూడా మోగుతాయి. అలాంటి గొట్టంలో వాటిలో సరిసంఖ్య పొరలు సరిగా పలకవు. మిడిల్ సి పక్కనున్న డి తీసుకోండి, దాదాపు 294 హెర్ట్జ్. కింది స్థాయిలో క్లారినెట్ ఈ డి వాయిస్తే 294 గట్టిగా ఉంటుంది, దానికి మూడు రెట్లయిన 882 కూడా గట్టిగానే ఉంటుంది. మధ్యలో 588 దగ్గర మాత్రం నీరసం. ఒక మెట్టు తీసేసిన నిచ్చెనలాగన్నమాట. మీరు బోలు అనేది ఆ లేని మెట్టునే. ఒబో గొట్టం శంకువులా క్రమంగా విచ్చుకుంటుంది కాబట్టి అన్ని మెట్లూ ఉంటాయి. పైగా ఏ స్వరం పలికినా 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల పొరలకు బలం ఎక్కువ. అందుకే అది ముక్కుతో మాట్లాడుతున్నట్టుంటుంది.

ఇప్పుడు హద్దు సంగతి. క్లారినెట్ పై స్థాయికి వెళ్లేకొద్దీ ఆ లేని మెట్టు నెమ్మదిగా వచ్చేస్తుంది, బోలుతనం పోతుంది. షూబర్ట్ పాట నడిచేది సరిగ్గా ఆ పై స్థాయిలోనే. అక్కడ బోలు కోసం వెతికితే దొరకదు.

అలాంటి చోట నేను స్వరం నడుమ భాగాన్ని వదిలేసి రెండు కొసలూ వింటాను. ఒబోలో రెండు రీడు ముక్కలు ఒకదానికొకటి కొట్టుకోవాలి, లేకపోతే శబ్దమే రాదు. అందుకే స్వరం ఒక గీత గీసినట్టు మొదలవుతుంది, ఎంత మెల్లగా వాయించినా ఆ గీత కనబడుతుంది. అడుగు స్వరాల్లోనైతే ఒబో వాయించేవాడికి మెల్లగా మొదలుపెట్టడం అంటేనే టెన్షన్. క్లారినెట్‌ను మాత్రం ఎప్పుడు మొదలైందో తెలియకుండా, నిశ్శబ్దంలోంచి ఊరినట్టు తేవచ్చు, మళ్లీ అలాగే కరిగించేయొచ్చు. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ మొదటి భాగం మధ్యలో ఒక పెద్ద పేలుడు ఉంది. దానికి ముందు పాట సన్నగిల్లి దాదాపు మాయమయ్యే చోట ఉన్నది క్లారినెట్. ఆ పని ఒబోకిచ్చి ఉంటే ఏడ్చేవాళ్లు.

ఇంకొకటి కంపనం. ఆర్కెస్ట్రాలో ఒబో వాళ్లు నిలిపిన స్వరాన్ని సాధారణంగా కొద్దిగా ఊగిస్తారు. క్లారినెట్ వాళ్లు సాధారణంగా ఊగించరు, గాజు మీద నీళ్లలా తిన్నగా నిలుపుతారు.

పాత_టేపు

ఆ చివరి మాట అందరికీ పెట్టకండి. రెజినాల్డ్ కెల్ రికార్డింగులు వినండి, క్లారినెట్టే, కానీ చక్కగా ఊగుతుంది. ఆ నమ్మకంతో ఆయన్ని ఒబో అని రాసి పరువు పోగొట్టుకున్నవాణ్ణి నేను.

మంద్రం

ఒప్పుకుంటాను. అందుకే 'సాధారణంగా' అన్నాను. ఊపు ఉంటే ఒబో అని తేల్చేయకూడదు. తిన్నగా ఉంటే మాత్రం క్లారినెట్ వైపే నా పందెం.

పాత_టేపు

తిన్నగా వాయించే ఒబో వాళ్లూ ఉన్నారు మాస్టారూ. పందెం అన్నారు కాబట్టి వదిలేస్తున్నాను.

శ్యామల_ఎన్

నా సమస్య వేరు. నాకు ఒబో, క్లారినెట్ తెలుస్తాయి. వయోలా, చెల్లో మాత్రం అచ్చం ఒకేలా ఉంటాయి. పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టుకుని వింటాను. చెవి డాక్టరుకు చూపించుకోవాలా అనిపిస్తోంది.

కిందితీగ

చెవికేం కాలేదు శ్యామల గారూ, ఫోన్ స్పీకరే కారణం. చెల్లో అడుగు తీగ 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, వయోలా అడుగు తీగ సరిగ్గా ఒక స్థాయి పైన, 131 దగ్గర. ఫోన్‌లో ఉండే గోరంత స్పీకర్ ఈ రెంటిలో దేన్నీ సరిగా పలికించలేదు. అయినా మీకు స్వరం వినబడుతోంది కదా? పైన ఉన్న పొరలను బట్టి అడుగు స్వరాన్ని మన బుర్ర ఊహించి పూరిస్తుంది. స్వరం తెలుస్తుంది, బరువు తెలియదు. చెల్లోకూ వయోలాకూ తేడా చాలావరకు ఆ బరువులోనే ఉంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ వినండి.

నేను వయోలా వాయిస్తాను. సుధీర్, మీ రెండో పాట సంగతి నాకు వదిలేయండి.

అది చెల్లోలే. మీ చెల్లి కరెక్ట్. కానీ మీరు వయోలా అని ఊరికే అనలేదు. ఆ పాట కింద, తాళం దెబ్బకు దెబ్బకు మధ్య సందుల్లో 'ఉమ్, ఉమ్' అని ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది, అది వయోలాలూ క్లారినెట్లూ కలిసి చేసే పని. మీ చెవికి వయోలా రంగు తగిలింది, దాన్ని తీసుకెళ్లి పాటకు అంటించారు. విడిగా వినిపించే వీడియోల్లో ఈ ప్రమాదం ఉండదు. ఆర్కెస్ట్రాలో తప్పులు ఎక్కువగా ఇలాగే జరుగుతాయి. వాయిద్యాన్ని సరిగానే పసిగడతాం, అది చేసే పనిని తప్పుగా పట్టుకుంటాం.

సుధీర్_వి

అబ్బా. ఇప్పుడే విన్నాను. ఆ 'ఉమ్ ఉమ్' ఇన్నాళ్లూ నాకు వినబడనే లేదు, ఇప్పుడు అదొక్కటే వినిపిస్తోంది! మరి రెండూ ఒకే ఎత్తులో పాడుతుంటే ఎలా?

కిందితీగ

అసలు చిక్కు అక్కడే. 131 హెర్ట్జ్ కంటే కిందికి దిగితే వయోలా కాదు, దానికి గుర్తు అక్కర్లేదు. తీగలే లేవు. కష్టమంతా దానికి పైన ఒకటిన్నర స్థాయి మేర.

220 హెర్ట్జ్ దగ్గరున్న ఎ స్వరం తీసుకోండి. చెల్లోకు అది అన్నిటికన్నా పై తీగ, వేలు పెట్టకుండా మోగేది. ఇక్కణ్ణించి పైకి పోవాలంటే ఉన్న ఒక్క తీగ మీదే చెయ్యి పాకాలి. నాకు అదే ఎ కింది నుంచి రెండో తీగ మీద, మొదటి వేలు కింద ఉంటుంది. పైన ఇంకా రెండు తీగలు ఖాళీ. ఒకే స్వరం. చెల్లో గొంతెత్తి పాడుతోంది, నేను మామూలుగా మాట్లాడుతున్నాను. మీరు వినాల్సింది ఆ శ్రమను. స్వరం పైకి వెళ్లేకొద్దీ కంఠం బిగిసి, వెలిగిపోతుంటే చెల్లో. ఏం పట్టనట్టు, కాస్త మసకగా, కొంచెం ముక్కు ధోరణిలో ఉంటే వయోలా.

ఆ మసక ఎందుకంటే, మా వాయిద్యం దాని స్వరాలకు తగ్గంత పెద్దది కాదు. వయొలిన్ ఒళ్లు దాదాపు 35.5 సెంటీమీటర్లు. వయోలా దానికి అయిదు స్వరాలు కిందికి పలకాలి కాబట్టి, వయొలిన్ లెక్కనే కడితే ఒకటిన్నర రెట్లు, అంటే 53 సెంటీమీటర్ల దాకా ఉండాలి. అంత పొడుగుది భుజం మీద పెట్టుకుంటే చెయ్యి అందదు. అందుకని 40, 42 దగ్గర సర్దుకున్నారు. అడుగు స్వరాలకు పెట్టె సాయం చాలదు, పై పొరలు ముందుకొస్తాయి. చెల్లో కూడా లెక్కకన్నా పొట్టిదే. కానీ దాని పక్కగోడల లోతు మాదానికి దాదాపు మూడింతలు, ఆ లోటు చాలావరకు అక్కడ పూడుతుంది.

ఇంకో చిన్న గుర్తు: చెల్లో తీగ పొడుగు కాబట్టి స్వరం నుంచి స్వరానికి చెయ్యి ఎక్కువ దూరం జరగాలి. ఒక్కరే వాయిస్తుంటే ఆ జారుడు చాలాసార్లు చెవికి తెలుస్తుంది. తీగను వేలితో మీటినప్పుడైతే ఇంకా తేలిక. చెల్లో మీటు కాసేపు మోగుతుంది, మాది టక్కున ఆరిపోతుంది.

పక్కపక్కనే పెట్టి వినాలంటే రిచర్డ్ స్ట్రౌస్ 'డాన్ కిహోటే' ఉంది. వీరుడికి సోలో చెల్లో ఇచ్చాడు, ఆయన సేవకుడు సాంచోకు ఎక్కువగా సోలో వయోలా. ఇద్దరూ వాదించుకునే చోటు ఒకటుంది. ఒకడు ఆవేశంగా, ఒకడు వదరుబోతుగా. గుర్తు పట్టడం నేర్చుకోవడానికి నాకు తెలిసి ఇంతకు మించిన పాఠం లేదు. మా వాయిద్యానికి వదరుబోతు వేషం ఇచ్చాడన్న ఉక్రోషం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.

గాలివాటం

నేనూ ఒక పాఠం చెబుతా. రవెల్ 'బొలేరో', 1928. పాట అదే, వాయిద్యాలు వరసగా మారతాయి. ఫ్లూట్, క్లారినెట్, బసూన్, మళ్లీ క్లారినెట్, ఒబో. పరీక్షకు రెడీమేడ్.

మంద్రం

ఆలోచన మంచిదే తమ్ముడూ, కానీ నువ్వు చెప్పిన చివరి రెండూ మామూలువి కావు. రెండోసారి వచ్చేది ఈ ఫ్లాట్ క్లారినెట్. చిన్నది, కాస్త కీచుగా ఉంటుంది. దాని వెనకాల వచ్చేది ఒబో కాదు, ఒబో దామోర్. ఒబో కంటే కొంచెం పెద్దది, గొంతులో ఆ పదును ఉండదు. వాటితో చెవిని దిద్దుకుంటే క్లారినెట్ కీచుది, ఒబో మెత్తనిది అని తిరగేసి నేర్చుకుంటావు.

గాలివాటం

నేను సరిగ్గా అలాగే నేర్చుకున్నాను :( అందుకే షూబర్ట్‌లో అది నాకు క్లారినెట్ అనిపించింది. అయినా సగం కరెక్టే కదా!

మంద్రం

సగం మాత్రం కరెక్టే. మొదలుపెట్టడానికి చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ రెండో భాగం పెట్టుకో, మొదలే ఒంటరి ఒబో, కింద తీగల మీటు తప్ప ఏమీ ఉండదు. కాసేపటికి అదే పాట చెల్లోలు అందుకుంటాయి. తర్వాత అయిదో సింఫనీ మొదలు. అక్కడ క్లారినెట్లు అడుగు స్థాయిలో ఉంటాయి, నేను చెప్పిన లేని మెట్టు నిండుగా వినబడుతుంది.

సుధీర్_వి

మంద్రం మాస్టారు కొసలు వినమన్నారు కదా, ఇవాళ ఒక పని చేశాను. రెండు వాయిద్యాలూ ఒకే ఎ స్వరం, 440 హెర్ట్జ్, నిలిపి వాయించిన ముక్కలు తీసుకుని, ఆడాసిటీలో పెట్టి మొదటి అయిదో వంతు సెకను, చివర ఇంకాస్త కత్తిరించాను. కలగాపులగం చేసి చెల్లికి ఇరవై వినిపించాను. కత్తిరించక ముందు ఇరవైకి ఇరవై చెప్పింది. కత్తిరించాక పదమూడు. బాగా కోపం వచ్చింది తనకి.

తర్వాత మాస్టారు చెప్పిన ఆ డి స్వరంతో అదే పని చేశాను. కొసలు తీసేసినా పందొమ్మిది చెప్పింది! అంటే కింది స్థాయిలో నడుము చాలు, పైకి వెళ్తే కొసలు కావాలి, అంతేనా?

మంద్రం

మీ చెల్లి విషయంలో అంతే :) నా అనుభవమూ అటే. ఇంకా పైకి, ఒబో ఊపిరి సన్నబడే చోటికి వెళ్తే కొసలున్నా నేనే తప్పు చెబుతాను.

పాత_టేపు

కిందితీగ గారికి ఒక ప్రశ్న. బీథోవెన్ అయిదో సింఫనీ రెండో భాగం మొదటి పాటలో వయోలాలు, చెల్లోలు ఒకే స్వరాల్లో కలిసి వాయిస్తాయి. షూబర్ట్ మొదటి పాట లాంటి మాయే. కానీ నాకు నలభై ఏళ్లుగా అక్కడ చెల్లోలే వినిపిస్తాయి. వయోలాలు ఉన్నట్టు స్కోరు చూశాకే తెలిసింది. అవి లేకపోతే ఏమవుతుంది?

కిందితీగ

మాకు అన్నం పెట్టే ప్రశ్న కాదిది :) నిజం చెప్పాలంటే వరసలో కూర్చున్నప్పుడు నాకు కూడా పక్క చెల్లోలే వినబడతాయి. కానీ రిహార్సల్‌లో ఒకసారి మమ్మల్ని ఆపి చెల్లోల చేత మాత్రమే వాయించారు. అదే పాట, మరీ పచ్చిగా, కన్నీళ్లు పెట్టుకున్నట్టు అయిపోయింది. మేం కలవగానే కాస్త నిబ్బరం వచ్చింది. మా పని అంచులు తుడవడం అనుకుంటాను.

పాత_టేపు

అది మైకులు ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. వయోలాలను వేదిక అంచున కూర్చోబెట్టిన రికార్డింగ్ ఒకటి, చెల్లోలను అంచున పెట్టింది ఒకటి నా దగ్గరున్నాయి. రెండూ రెండు పాటల్లా ఉంటాయి. కాబట్టి నాకు వినబడనిది వయోలానా, ఆ రోజు మైకు పెట్టినవాడి బుద్ధా అన్నది చెప్పలేను.

కిందితీగ

నేను మైకు మీదే తోసేస్తాను.

శ్యామల_ఎన్

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. చెల్లో ఇంత లావుగా ఉంటుందని తెలియదు! డాక్టరు ఖర్చు తప్పింది. కానీ కొత్త సమస్య. ద్వోర్జాక్ 'న్యూ వరల్డ్' సింఫనీ నెమ్మది భాగంలో ఆ ప్రసిద్ధమైన పాట వయోలా కాదా? మసకగా, ముక్కుతో, కిందిస్థాయిలో… కిందితీగ గారు చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి.

మంద్రం

అది కార్ ఆంగ్లే అండీ, ఒబోకు పెద్దన్న. తడబడటానికి మంచి చోటే ఎంచుకున్నారు. వయోలా తిరిగే ఎత్తులోనే తిరుగుతుంది, ముక్కు గొంతే.

శ్యామల_ఎన్

మరి ఒకటి రీడు, ఒకటి తీగ అని ఎలా తెలుసుకోవాలి?

రమణి_కె

నేను ఇందాకటి నుంచి అదే విన్నాను. పాదానికీ పాదానికీ మధ్య చిన్న ఖాళీ వస్తోంది, ఊపిరి తీసుకుంటున్నట్టు. కమానుతో వాయిస్తే ఆ ఖాళీ అవసరం లేదు కదా?

కిందితీగ

రమణి గారూ, హెడ్డింగ్ మాత్రం చదివి ఈ మాట చెప్పారా! మేం కూడా కావాలని ఊపిరి వదిలినట్టు ఆపుతాం గానీ, అక్కడ మాత్రం మీరు విన్నది నిజం ఊపిరే.

సుధీర్_వి

చెల్లి ఇప్పుడే వచ్చి కాగితం చూపించింది. ద్వోర్జాక్ పాటకు 'ఒబో, జలుబు చేసింది' అని రాసింది. దీనికి మార్కు ఇవ్వాలా వద్దా?